చిల్లు ఎక్కడుంది మేడమ్?

పోయిన పేరెంట్స్ మీటింగులో ఎనిమిదో తరగతి బాబు వాళ్ల నాన్నగారు నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టారు. "మేడమ్, ఈ లెక్క మావాడి ట్యూషన్‌లో ఒక్క లైన్‌లో చేయిస్తున్నారు. మీరేమో ముప్పావు పేజీ రాయిస్తున్నారు. రేపు ఓఎంఆర్ పరీక్షలో ఇంత టైమ్ ఎక్కడుంటుంది?" అని అడిగారు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. వెనక ఇంకా పది మంది తల్లిదండ్రులు ఎదురుచూస్తుండటంతో ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అదే సందేహం మీలో చాలామందికి ఉండొచ్చు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ నోట్‌బుక్‌లో ఉన్న లెక్క ఇది. ఒక మోటారు ట్యాంకును 6 గంటల్లో నింపుతుంది. ట్యాంకుకు చిల్లు పడటంతో ఇప్పుడు నిండటానికి 8 గంటలు పడుతోంది. ట్యాంకు నిండాక మోటారు ఆపేస్తే, ఆ చిల్లు గుండా నీళ్లన్నీ పోవడానికి ఎన్ని గంటలు పడుతుంది?

పిల్లల ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ రకం లెక్కలకు 'పైప్స్ అండ్ సిస్టర్న్స్' అని పేరు. మీలో తెలుగు మీడియంలో చదివినవాళ్లు కుళాయిలు, తొట్టెల లెక్కలుగా చేసే ఉంటారు. ట్యూషన్‌లో చెప్పిన ఒక్క లైను ఇలా ఉంటుంది: xy/(y − x). 6ని 8తో గుణిస్తే 48, 8లోంచి 6 తీసేస్తే 2, 48ని 2తో భాగిస్తే 24. జవాబు 24 గంటలు. జవాబు సరైనదే, ఫార్ములా కూడా సరైనదే. నా అభ్యంతరమల్లా అది ముందు రావడం మీదే. ఈ లెక్కల్లో ఫార్ములా చివర రావాలని నా అభిప్రాయం. అలా అనుకోవడానికి కారణం, దాన్ని ముందు చెప్పి దెబ్బ తిన్నదాన్ని నేనే.

నా బోర్డు మీద రెండు ఫార్ములాలు

బీఈడీ అయ్యాక టీచరుగా చేరిన మొదటి ఏడాది ఈ పాఠం మొదలుపెట్టినప్పుడు బోర్డు మీద రెండు పెట్టెలు గీశాను. రెండు కుళాయిలూ నింపుతుంటే xy/(x + y). ఒకటి నింపుతూ చిల్లు కారుతుంటే xy/(y − x). పిల్లలు చక్కగా రాసుకున్నారు. మర్నాడు క్లాసులో ఇచ్చిన అయిదు లెక్కలూ చకచకా చేసేశారు. నాకూ సంతోషంగానే అనిపించింది.

మూడు వారాల తర్వాత వీకెండ్ టెస్టులో పైన చెప్పిన లెక్కే వచ్చింది. మాటలు మాత్రం కొంచెం మారాయి. మోటారు 6 గంటల్లో నింపుతుంది, లీక్ వల్ల 'టూ అవర్స్ మోర్' పడుతుంది అని ఉంది. పేపర్లు దిద్దుతుంటే మూడు తప్పు జవాబులు పదేపదే కనిపించాయి. కొందరు 2 గంటలు అని రాశారు. కొందరు 3 3/7 గంటలు అని రాశారు. ఇంకొందరు 6కీ 8కీ మధ్యలో ఉంటుందనుకుని 7 గంటలు అన్నారు.

ఈ తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 2 అని రాసినవాళ్లలో కొందరు 8లోంచి 6 తీసేశారు. కొందరు 'మోర్' అనే మాటను వదిలేసి, ప్రశ్నలో ఉన్న 2 గంటలే లీక్ పని అనుకున్నారు. 3 3/7 అని రాసినవాళ్లు రెండు పెట్టెల్లో తప్పు పెట్టె తీసుకున్నారు. 48ని 2తో కాకుండా 14తో భాగించారు. గుర్తుపెట్టుకున్న ఫార్ములాలో ఒక్క గుర్తు తారుమారైతే అంతే. ప్లస్సో మైనస్సో గుర్తు రానప్పుడు మళ్లీ కనిపెట్టడానికి వాళ్ల దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ ఆధారం నేను ఇవ్వలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తప్పు జవాబు కాదు. ఆ జవాబును చూసి ఒక్కరికీ అనుమానం రాకపోవడం. 2 గంటలు అన్న జవాబునే తీసుకుందాం. నిండు ట్యాంకును 2 గంటల్లో ఖాళీ చేసేంత చిల్లు ఉంటే, 6 గంటలకు గానీ నింపలేని మోటారు ఆ ట్యాంకును ఎప్పటికి నింపుతుంది? ఎప్పటికీ నింపదు. మోటారు పోసే నీళ్లకు మూడు రెట్లు బయటికి పోతుంటాయి. 3 3/7 గంటలు అన్నా అదే సంగతి. కానీ ట్యాంకు 8 గంటల్లో నిండుతోందని ప్రశ్నే చెబుతోంది. అంటే చిల్లు మోటారు కన్నా బలహీనమైనది. కాబట్టి దానికి పట్టే సమయం 6 గంటల కంటే ఎక్కువే ఉండాలి. పెన్ను పట్టుకోకుండానే ఈ రెండు జవాబులనూ కొట్టేయొచ్చు.

7 గంటలు అన్న జవాబు ఈ పరీక్షలో గట్టెక్కుతుంది. దాన్ని తిరిగి లెక్కలో పెట్టి చూడాలి. మోటారు గంటకు ట్యాంకులో 1/6 వంతు నింపుతుంది, చిల్లు 1/7 వంతు తీసేస్తుంది. మిగిలేది గంటకు 1/42 వంతు. అంటే ట్యాంకు నిండటానికి 42 గంటలు పట్టాలి. ప్రశ్నలో 8 గంటలని ఉంది. కనుక 7 కూడా తప్పే.

ఇరవై నాలుగు బిందెలు

ఆ తర్వాత నేను పాఠం చెప్పే వరుస మార్చుకున్నాను. ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఒక గంటలో ఎంత?

6కీ 8కీ కలిపి కసాగు 24. కాబట్టి ట్యాంకులో 24 బిందెల నీళ్లు పడతాయి అనుకుందాం. మోటారు 6 గంటల్లో 24 బిందెలు పోస్తుంది, అంటే గంటకు 4 బిందెలు. చిల్లు పడ్డాక 8 గంటల్లో 24 బిందెలు నిలుస్తున్నాయి, అంటే గంటకు 3 బిందెలే. మోటారు మాత్రం ఇప్పుడూ గంటకు 4 బిందెలు పోస్తూనే ఉంది. మరి ఆ నాలుగో బిందె ఏమైంది? చిల్లులోంచి పోయింది. చిల్లు గంటకు ఒక బిందె కారుస్తుంది. 24 బిందెలు కారడానికి 24 గంటలు.

ఇందులో పిల్లలకు తెలియాల్సిన అసలు విషయం ఒకటుంది. గంటలను గంటల్లోంచి తీసేయకూడదు. ఒక గంటలో జరిగే పనిని ఒక గంటలో జరిగే పనిలోంచి తీసేయాలి. 8లోంచి 6 తీస్తే వచ్చే 2 గంటలు ఆలస్యం. అది చిల్లు పని కాదు. 4 బిందెల్లోంచి 3 బిందెలు తీస్తే వచ్చే ఒక బిందె చిల్లు పని. ఈ తేడా తెలిసిన పిల్లలకు ప్లస్సా మైనస్సా అన్న సందేహం రాదు. నీళ్లు లోపలికి వస్తుంటే కలుపుతారు, బయటికి పోతుంటే తీసేస్తారు.

బిందెలు అలవాటయ్యాక అదే లెక్కను భిన్నాల్లో రాయిస్తాను: 1/6 − 1/8 = 1/24. బిందెలు చూసినవాళ్లకు ఆ 1/24 అంటే ఏమిటో తెలుసు. గంటకు ట్యాంకులో ఇరవై నాలుగో వంతు, అంటే ఒక బిందె.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు రాసిన 'లీలావతి'లో ఇలాంటి లెక్క ఉంది. నాలుగు ధారలు విడివిడిగా ఒక తొట్టిని ఒక రోజులో, అర రోజులో, రోజులో మూడో వంతులో, ఆరో వంతులో నింపుతాయి. నాలుగూ కలిసి వదిలితే ఎంతసేపు? రోజంతా వదిలితే మొదటిది ఒక తొట్టి, రెండోది 2, మూడోది 3, నాలుగోది 6 తొట్టెలు నింపుతాయి. మొత్తం 12 తొట్టెలు. కాబట్టి ఒక్క తొట్టి నిండటానికి రోజులో పన్నెండో వంతు, అంటే మన గడియారంలో 2 గంటలు. అక్కడ కూడా కలిపేది సమయాలను కాదు, ఒక రోజులో జరిగే పనిని.

ఫార్ములా ఆగిపోయే చోటు

'అయినా ఫార్ములా కంఠతా వస్తే చాలు కదా' అనిపించవచ్చు. రెండు సంఖ్యలు ఇచ్చి ఒకటి అడిగే లెక్కకు చాలు. కానీ ప్రశ్న తయారుచేసేవాళ్లు ఫార్ములాలో పట్టే లెక్కలే ఇస్తారన్న నమ్మకం లేదు.

ఈ లెక్క చూడండి. ఒక కుళాయి ట్యాంకును 12 గంటల్లో, రెండోది 15 గంటల్లో నింపుతాయి. అడుగున ఉన్న ఔట్‌లెట్ తెరిస్తే నిండు ట్యాంకు 20 గంటల్లో ఖాళీ అవుతుంది. మూడూ ఒకేసారి తెరిస్తే ఎంతసేపట్లో నిండుతుంది? ఇక్కడ 60 బిందెలు అనుకుంటే సులువు. మొదటి కుళాయి గంటకు 5 బిందెలు, రెండోది 4, బయటికి పోయేవి 3. నికరంగా గంటకు 6 బిందెలు, 10 గంటల్లో నిండుతుంది. మూడు సంఖ్యలకు కూడా ఫార్ములా ఉంది, కాబట్టి ఇక్కడి దాకా ట్యూషన్ పద్ధతీ నడుస్తుంది.

ఇప్పుడు ఒక్క మాట మారుద్దాం. మొదట రెండు కుళాయిలే తెరిచారు. ఔట్‌లెట్‌ను 5 గంటల తర్వాత తెరిచారు. మొత్తం ఎంతసేపు? కంఠస్థం చేసిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. 10కి 5 కలిపి 15 అనేవాళ్లూ ఉంటారు, 10లోంచి 5 తీసి 5 అనేవాళ్లూ ఉంటారు. బిందెలతో చేసేవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. మొదటి 5 గంటల్లో గంటకు 9 చొప్పున 45 బిందెలు నిండాయి. మిగిలినవి 15. ఔట్‌లెట్ తెరిచాక గంటకు 6 బిందెలే నిలుస్తాయి, కాబట్టి ఇంకో రెండున్నర గంటలు. మొత్తం ఏడున్నర గంటలు.

జవాబు సరిచూసుకునే దారీ ఇక్కడే ఉంది. ఔట్‌లెట్ అసలు తెరవకపోతే గంటకు 9 బిందెల చొప్పున 6 గంటల 40 నిమిషాల్లో నిండేది. మొదటి నుంచీ తెరిచి ఉంచితే 10 గంటలు పట్టేది. మధ్యలో తెరిచారు కాబట్టి జవాబు ఈ రెండింటి మధ్యే ఉండాలి. ఏడున్నర ఉంది. 15 లేదు, 5 లేదు. మా పిల్లలతో ఇప్పుడు లెక్క మొదలుపెట్టే ముందే ఈ రెండు హద్దులూ మార్జిన్‌లో రాయిస్తున్నాను. ఆ నాన్నగారు చూసిన ముప్పావు పేజీలో రెండు లైన్లు అవే.

చిల్లు ఎక్కడుంది?

ఈ ఏడాది 6 గంటలు, 8 గంటల లెక్క బిందెలతో చేయించాక ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మేడమ్, ఈ ట్యాంకుకు చిల్లు ఎక్కడుంది?" అంది. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వబోయాను. ఆ అమ్మాయి మాత్రం సీరియస్‌గానే అడిగింది. "మా అపార్ట్‌మెంట్ ట్యాంకుకు పక్కన సగం ఎత్తులో పగులు వచ్చింది మేడమ్. బాగు చేయించేదాకా వాచ్‌మన్ అంకుల్ సగం వరకే నింపాడు. అప్పుడు చుక్క కూడా కారలేదు" అంది.

ఆ రోజు మిగిలిన పీరియడ్ అంతా దానికే ఇచ్చాను. అవే అంకెలు తీసుకున్నాం. మోటారు 6 గంటల్లో నింపుతుంది, చిల్లుతో 8 గంటలు పడుతోంది. ట్యాంకు గోడలు నిటారుగా ఉన్నాయి, చిల్లు మాత్రం సరిగ్గా సగం ఎత్తులో ఉంది. 24 బిందెల్లో మొదటి 12 బిందెలు నిండేదాకా నీళ్లు చిల్లును తాకవు. గంటకు 4 బిందెల చొప్పున దానికి 3 గంటలు. మొత్తం 8 గంటలు పట్టింది కాబట్టి పై సగానికి 5 గంటలు పట్టినట్టు. ఆ 5 గంటల్లో మోటారు 20 బిందెలు పోసింది, నిలిచినవి 12. అంటే 8 బిందెలు కారిపోయాయి. గంటకు 1.6 బిందెలు.

ఇప్పుడు మోటారు ఆపేస్తే ఏమవుతుంది? పై సగంలోని 12 బిందెలూ గంటకు 1.6 చొప్పున కారడానికి ఏడున్నర గంటలు పడుతుంది. అక్కడితో కారడం ఆగిపోతుంది. కింద సగం నీళ్లు అలాగే ఉంటాయి. ట్యాంకు ఎన్ని గంటలకు ఖాళీ అవుతుందంటే, ఎప్పటికీ అవదు.

ప్రశ్నలో అంకెలు అవే, 6 గంటలు, 8 గంటలు. చిల్లు అడుగున ఉంటే జవాబు 24. సగంలో ఉంటే ట్యాంకు ఖాళీయే కాదు. xy/(y − x) మాత్రం చిల్లు ఎక్కడున్నా 24 అనే చెబుతుంది. అది చిల్లు ఎక్కడుందని అడగదు. అడగాల్సింది మన పిల్లలు. ఆ రోజు నుంచి మా క్లాసులో ప్రతి లీక్ లెక్కకూ మొదటి లైను 'చిల్లు ట్యాంకు అడుగున ఉంది అనుకుందాం' అని రాస్తున్నారు.

ఒక డబ్బాతో ఇంట్లో చూడండి

అడుగున ఉన్నా కూడా ఇంకో సంగతి మిగిలే ఉంది. చిల్లు గంటకు ఒక బిందె చొప్పున కారుస్తుందని అన్నాం. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా ఒకే వేగంతో కారుతుందా? దీన్ని ఇంట్లోనే చూడొచ్చు.

నిటారుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. అడుగుకు దగ్గరగా పక్కన 3 లేదా 4 మిల్లీమీటర్ల చిల్లు చేయండి. వేడి చేసిన మేకుతో చేస్తారు కాబట్టి ఈ పని పెద్దవాళ్లే చేయాలి. చిల్లు మరీ సన్నగా ఉంటే చివర్లో ధార ఆగి చుక్కలుగా పడి లెక్క తప్పుతుంది. చిల్లు ఎత్తు నుంచి పై గీత వరకు కొలిచి సరిగ్గా మధ్యలో ఇంకో గీత పెట్టండి. మూత తీసి ఉంచండి, లేకపోతే గాలి లోపలికి రాక నీళ్లు సరిగ్గా పడవు. పై గీత వరకు నింపి చిల్లు మీద వేలు తీసేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పై సగానికి ఎంత పట్టిందో, కింద సగానికి ఎంత పట్టిందో పిల్లలతో రాయించండి.

రెండు సగాల్లోనూ నీళ్లు సమానమే. కానీ కింద సగానికి రెండింతల కంటే ఎక్కువ సమయం పడుతుంది. లెక్క ప్రకారం దాదాపు 2.4 రెట్లు. పై సగం ఒక నిమిషంలో కారితే కింద సగానికి రెండు నిమిషాల పాతిక సెకన్ల దాకా పడుతుంది. పదిహేడో శతాబ్దంలో ఇటలీకి చెందిన టారిచెల్లి చెప్పిన నియమం దీనికి కారణం. చిల్లు పైన నీళ్ల ఎత్తు తగ్గేకొద్దీ ధార వేగం తగ్గుతుంది. ఎత్తు నాలుగో వంతుకు వస్తే వేగం సగానికి వస్తుంది. పక్కకు చిమ్మే ధార మెల్లమెల్లగా డబ్బా దగ్గరికి జరగడం కళ్లతోనే చూడొచ్చు.

అయితే పుస్తకం తప్పా? తప్పు కాదు. పుస్తకం పనిని సులువు చేసుకోవడానికి 'ఒకే వేగంతో కారుతుంది' అని అనుకుంటుంది, కానీ ఆ మాట ప్రశ్నలో రాయదు. పరీక్షలో పిల్లలు అలాగే అనుకుని చేయాలి, అక్కడ టారిచెల్లిని తీసుకురాకూడదు. కానీ తాము ఏం అనుకుంటున్నారో వాళ్లకు తెలిసి ఉండాలి. ఇంటి మీద ట్యాంకు లెక్కలో వచ్చినట్టు నిండకపోతే, లెక్క తప్పో అనుకున్నది తప్పో అప్పుడే చెప్పగలుగుతారు.

ఆ నాన్నగారికి నా జవాబు

ఇప్పుడు టైమ్ సంగతి. ఓఎంఆర్ పరీక్షలో వేగం కావాలన్నది నిజమే. కానీ ముప్పావు పేజీ ఎప్పటికీ ముప్పావు పేజీగా ఉండదు. నెల రోజులు బిందెలతో చేసినవాళ్లు 6, 8 చూడగానే మనసులో '24, నాలుగు, మూడు, ఒకటి' అనుకుని జవాబు గుర్తుపెట్టేస్తున్నారు. ఫార్ములాకు పట్టే సమయం కంటే అదేమీ ఎక్కువ కాదు. పైగా ఆ దశకు వచ్చాక ఫార్ములాను వాళ్లతోనే రాబట్టిస్తాను. 1/x లోంచి 1/y తీస్తే (y − x)/xy వస్తుంది. అది ఒక గంటలో చిల్లు పని. దాన్ని తిరగేస్తే xy/(y − x). తాము రాబట్టుకున్న ఫార్ములాలో ప్లస్సు ఎక్కడో మైనస్సు ఎక్కడో పిల్లలు మర్చిపోరు. మర్చిపోయినా అర నిమిషంలో మళ్లీ రాబట్టుకోగలరు. అప్పుడు పరీక్షలో వాడుకోమని నేనే చెబుతాను.

అందుకే మిమ్మల్ని కోరేది ఒకటే. పాఠం జరుగుతున్న ఆ నెల రోజులు ఇంట్లో ఫార్ములా ముందు పెట్టకండి. ట్యూషన్‌లో చెప్పినా పక్కన పెట్టమనండి. 'నాకు ఇంగ్లీషు రాదు, ఎలా చెప్పను మేడమ్' అని కొందరు అమ్మలు అంటుంటారు. ఈ పాఠానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ప్రశ్నను పిల్లల చేత తెలుగులో చెప్పించుకోండి. 'టూ అవర్స్ మోర్' అంటే 'రెండు గంటలు ఎక్కువ' అని వాళ్ల నోటితో వచ్చిందంటే సగం తప్పులు అక్కడే పోతాయి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఒక గంటలో ఎంత? జవాబు ఏ రెండింటి మధ్య ఉండాలి? చిల్లు ఎక్కడుంది, ఎంతసేపు తెరిచి ఉంది?

ఈ వారం ప్రయత్నించడానికి ఒక లెక్క ఇస్తున్నాను. మోటారు ట్యాంకును 5 గంటల్లో నింపుతుంది. కింద వాల్వు తెరిస్తే నిండు ట్యాంకు 10 గంటల్లో ఖాళీ అవుతుంది. మోటారు వేసినవాళ్లు వాల్వు కట్టేయడం మర్చిపోయారు. 2 గంటల తర్వాత చూసుకుని కట్టేశారు. మోటారు వేసినప్పటి నుంచి మొత్తం ఎన్ని గంటల్లో నిండుతుంది? ఫార్ములాతో వెళ్లినవాళ్లు 10 అంటారు. బిందెలతో వెళ్లినవాళ్లు ముందు హద్దులు చెబుతారు: 5 కంటే ఎక్కువ, 10 కంటే తక్కువ. ట్యాంకులో 10 బిందెలు, మోటారు గంటకు 2, వాల్వు గంటకు 1. మొదటి 2 గంటల్లో నిలిచేవి 2 బిందెలే. మిగిలిన 8 బిందెలకు 4 గంటలు. జవాబు 6 గంటలు.

మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఈ లెక్క చేసే ముందు 'వాల్వు అడుగునే ఉందా?' అని అడిగితే విసుక్కోకండి. ఉందని చెప్పండి.